3×7 తలుపు పెడితే దారి ఎంత మిగులుతుంది? ఇంటి గుమ్మాల కొలతలు ఎంచుకునే పద్ధతి

ఇంటి ప్లాన్ మీద మేస్త్రీ మూడు కొలతలు రాస్తాడు: సింహద్వారం 3½×7, పడకగదులు 3×7, బాత్రూమ్‌లు 2½×7. తెలుగునాట చాలా ఇళ్లు ఈ మూడింటితోనే నడిచిపోతున్నాయి. కొలతల్లో తప్పేమీ లేదు. చిక్కల్లా, 3 అడుగుల తలుపు అనగానే 3 అడుగుల దారి దొరుకుతుందని యజమాని అనుకోవడంలో ఉంది. మామూలు చెక్క ఫ్రేమ్ బిగించి, తలుపు వేలాడదీశాక ఆ 36 అంగుళాల్లో మనిషి నడవడానికి మిగిలేది దాదాపు 30. బాత్రూమ్‌లో 30 కాస్తా 24 అవుతుంది.

అందుకే ఏ గుమ్మానికి ఏ కొలత అన్న ప్రశ్నకు జవాబు వెనకనుంచి వెతకాలి. ఆ దారిలో ఏది పోవాలో, ఎవరు పోవాలో ముందు తేల్చుకుని, దానికి కావలసిన క్లియర్ వెడల్పు, అంటే తలుపు తెరిచాక అడ్డం లేకుండా మిగిలే దారి, ఎంతో చూసి, దాని మీద తలుపు, ఫ్రేమ్ మందాలు కలుపుకుంటూ గోడలో వదలాల్సిన ఖాళీ దాకా రావాలి.

ఎంచుకునే ముందు తేల్చుకోవలసినవి

మొదటిది, చెప్పే కొలత దేనిది? మన దగ్గర వడ్రంగి 3×7 అంటే సాధారణంగా ఫ్రేమ్ బయటి అంచునుంచి బయటి అంచుకు ఉన్న కొలత. చెక్కల దుకాణంలో ఫ్లష్ డోర్ కొనేటప్పుడు చెప్పే కొలత తలుపు రెక్కది. అమెరికాలో 36 అంగుళాల తలుపు అంటే రెక్కే 36 అంగుళాలు, ఎత్తు మామూలుగా 80. గోడలో ఖాళీ దానికి మరో 2 అంగుళాలు ఎక్కువ వదులుతారు. అక్కడున్న కొడుకో కూతురో ఊళ్లో కట్టే ఇంటికి ఫోన్‌లో కొలతలు చెప్పినప్పుడు 36 అన్న ఒకే అంకె ఇద్దరి మనసులో రెండు వేర్వేరు తలుపులవుతుంది. కాబట్టి ఏ అంకె పక్కనైనా గోడ ఖాళీ, ఫ్రేమ్ బయటి కొలత, రెక్క, క్లియర్ అన్న నాలుగింట్లో ఏదో రాయించుకోండి.

రెండోది, ఫ్రేమ్ చెక్క మందం. 4×2½ చెక్క అంటే 4 అంగుళాలు గోడ లోతు వైపు, 2½ అంగుళాలు దారి వైపు. ఆ 2½ రెండు పక్కలా పోతుంది, అంటే 5 అంగుళాలు. సింహద్వారానికి వాడే 5×3 చెక్కయితే 6 అంగుళాలు. చిత్రిక పట్టాక ప్రతి చెక్కా పావు అంగుళం దాకా తగ్గుతుంది గనుక అసలు నష్టం కొంచెం తక్కువే. ఆ కొసరు మీద మాత్రం ఆశపెట్టుకోవద్దు, ప్లాస్టరింగ్ దాన్ని తినేస్తుంది.

మూడోది చాలామంది లెక్కలోకి రాదు: తెరిచిన తలుపు మందం. రెక్క కూర్చోవడానికి ఫ్రేమ్‌లో అర అంగుళం గాడి తీస్తారు. తలుపును గోడకు నిలువుగా, అంటే 90 డిగ్రీలకు తెరిస్తే రెక్క మందం మొత్తం ఆ గాడి అంచు దగ్గరనుంచి దారిలోకి వస్తుంది. మందం 1¼ అంగుళం, గాడి ½ అయితే ముప్పావు అంగుళం దారి తగ్గుతుంది. హ్యాండిల్ ఇంకో 2 అంగుళాలు పొడుచుకొస్తుంది, చేతులకు, మోసే సామానుకు తగిలేది అదే. తలుపు పూర్తిగా తిరిగి గోడకు ఆనుకుంటే ఈ రెండు నష్టాలూ ఉండవు.

మామూలు కొలతలు, మిగిలే దారి

కింది పట్టికలో అన్నీ అంగుళాలే. తలుపు 90 డిగ్రీలకు తెరిచి ఉందనుకుని, హ్యాండిల్‌ను లెక్కలోకి తీసుకోకుండా వేసిన అంకెలివి. సింహద్వారానికి 5×3 చెక్క, 1½ అంగుళాల రెక్క. మిగతావాటికి 4×2½ చెక్క, 1¼ అంగుళాల రెక్క.

| గుమ్మం | ఫ్రేమ్ బయటి వెడల్పు | రెండు చెక్కల మధ్య | రెక్క వెడల్పు | క్లియర్ |
|---|---|---|---|---|
| సింహద్వారం 3½ అడుగులు | 42 | 36 | 36¾ | 35 |
| పడకగది 3 అడుగులు | 36 | 31 | 31¾ | 30¼ |
| 2 అడుగుల 9 అంగుళాలు | 33 | 28 | 28¾ | 27¼ |
| బాత్రూమ్ 2½ అడుగులు | 30 | 25 | 25¾ | 24¼ |

రెక్క వెడల్పు వచ్చే తీరు సులువు. చెక్కల మధ్య దూరానికి రెండు గాడులకూ కలిపి 1 అంగుళం కూడండి, రెండు పక్కలా తిరగడానికి సందు కోసం పావు అంగుళం తీసేయండి.

మిల్లీమీటర్లలో పనిచేసే ఇంజనీర్లు ఇదే లెక్కను భారతీయ ప్రమాణాల ప్రకారం వేస్తారు. గోడ ఖాళీ 900, ఫ్రేమ్ బయటి కొలత 890, రెక్క 800. చెక్క 60, గాడి 15 కాబట్టి చెక్కల మధ్య 770 మిగులుతుంది. అంగుళాల్లో 30¼కి కొంచెం ఎక్కువ. దాంట్లోంచి రెక్క మందం పోతే ఇంకొంచెం తగ్గుతుంది. ఏ పద్ధతిలో వెళ్లినా 3 అడుగుల గుమ్మం 30 అంగుళాల దగ్గరే ఆగుతుంది.

సింహద్వారం: ఒక రెక్కా, రెండు రెక్కలా

ఒకే రెక్కతో 3½ అడుగుల సింహద్వారం 35 అంగుళాల దారి ఇస్తుంది. సోఫా, ఫ్రిజ్, మంచం తలదిక్కు పలక అన్నీ దాంట్లోంచి వెళ్తాయి. ఒక రెక్క తలుపుకు ఇంతకు మించి వెడల్పు చేయించకపోవడమే మేలు. టేకు రెక్క బరువెక్కేకొద్దీ పైన ఉన్న మడత బందు మీద లాగుడు పెరిగి, రెండేళ్లలో తలుపు కింది మూల నేలను గీస్తుంది. బరువు రెక్కకు మూడు కాదు, నాలుగు బందులు వేయించాలి.

దర్జాగా ఉంటుందని 4 అడుగుల ఫ్రేమ్‌లో రెండు సమాన రెక్కలు పెట్టించుకునేవారు చాలామంది. లెక్క చూడండి: 48 లోంచి 6 పోతే 42, అంటే ఒక్కో రెక్క వాటా 21. రోజువారీ ఎవరూ రెండు రెక్కలూ తెరవరు. రెండోదాని గొళ్లెం పైనా కిందా వేసే ఉంటుంది. కాబట్టి 4 అడుగుల గుమ్మంలోంచి రోజూ నడిచే దారి రెక్క మందం పోగా 20 అంగుళాలు, బాత్రూమ్ తలుపు కంటే తక్కువ! చేతిలో సంచీతో, చంకలో బిడ్డతో పక్కకు తిరిగి లోపలికి రావాలి. రెండు రెక్కలు కావాలంటే 5 అడుగుల ఫ్రేమ్ తీసుకుని, పెద్ద రెక్కను 36 అంగుళాలకు పైన ఉంచి మిగిలింది చిన్న రెక్కకు ఇవ్వండి. 4 అడుగులకు మించి చోటు లేనివాళ్లకు ఒక రెక్క 3½ అడుగుల గుమ్మమే మంచిది, మిగిలిన చోటు పక్కన అద్దం పలకకు వాడుకోవచ్చు.

ఎత్తులో సింహద్వారానికి ఉన్న ప్రత్యేకత గడప. పసుపు రాసి బొట్లు పెట్టే గడప లేకుండా మన ఇళ్లలో సింహద్వారం ఉండదు, ఉండాలి కూడా. అయితే 7 అడుగుల ఫ్రేమ్ అంటే గడపతో కలిపి 84 అంగుళాలు. పై చెక్క 3, గడప 3 పోతే రెండింటి మధ్య 78 మిగులుతుంది. గడపను 2 అంగుళాలు నేలలోకి దించి 1 అంగుళం పైకి కనబడేలా ఉంచితే, నేలనుంచి పై చెక్క అడుగుకు 79 అంగుళాలు. ఆరడుగుల మనిషికి తల తగలదు గానీ పక్కనే ఉన్న గదుల గుమ్మాలకు గడప లేదు గనుక, అవి దీనికంటే రెండు మూడు అంగుళాలు ఎత్తుగా కనిపిస్తాయి. సింహద్వారం కురచగా ఉందన్న భావన అక్కడినుంచే వస్తుంది. గడపతో ఉన్న ఫ్రేమ్‌ను 7 అడుగుల 3 అంగుళాలు చేయించి, గుమ్మం పైన పోసే కాంక్రీటు దూలం, లింటెల్‌ను, దానికి తగ్గట్టు అడిగితే సరిపోతుంది. ఈ మాట లింటెల్ పోయకముందే చెప్పాలి.

ఇంట్లో వీల్‌చైర్ వాడేవాళ్లు, వాకర్ పట్టుకుని నడిచేవాళ్లు ఉంటే గడప ఎత్తే అసలు సమస్య. వికలాంగుల సౌలభ్యానికి మన దేశ మార్గదర్శకాలు గడప 12 మిల్లీమీటర్లకు మించకూడదంటాయి. చెక్క గడపను దాదాపు నేల మట్టానికి దించి, పైన అర అంగుళం లోపు మాత్రమే ఉంచి, అంచులు వాలుగా చెక్కిస్తే పూజకు గడప ఉంటుంది, చక్రమూ దాటుతుంది. వర్షపు జల్లు నేరుగా కొట్టే వైపు గుమ్మం ఉన్నప్పుడు మాత్రం ఇంత తక్కువ గడప నీటిని ఆపలేదు. బయట సజ్జ, వరండా వాలు చూసుకున్నాకే ఈ పని చేయాలి.

పడకగది: 3 అడుగులు ఎవరికి చాలు

మామూలు కుటుంబానికి 30¼ అంగుళాల దారి చాలు. ఇనుప బీరువా వెడల్పు 3 అడుగులున్నా లోతు 19, 20 అంగుళాలే గనుక పక్కకు తిప్పి లోపలికి తీసుకెళ్తారు. మంచం విడదీసి తెస్తారు. ఇబ్బంది తలుపు వెడల్పులో కంటే తలుపు ముందున్న నడవాలో వస్తుంది. 3 అడుగుల నడవాలోంచి పొడవైన వస్తువును మలుపు తిప్పి ఇదే వెడల్పు గుమ్మంలోకి ఎక్కించడం కష్టం. అలాంటి చోట గుమ్మాన్ని నడవా చివర, దారికి ఎదురుగా పెట్టించగలిగితే వెడల్పు పెంచాల్సిన అవసరమే రాదు.

పెద్దవాళ్లు ఉండే గది సంగతి వేరు. వీల్‌చైర్లు చాలావరకు 24 నుంచి 27 అంగుళాల వెడల్పుంటాయి. చక్రం తిప్పే చేతులకు రెండు పక్కలా చోటుండాలి. మార్గదర్శకాలు చెప్పే 900 మిల్లీమీటర్ల, అంటే 35½ అంగుళాల క్లియర్ వెడల్పు కావాలంటే 35½కు రెక్క వల్ల పోయే ¾, ఫ్రేమ్ వల్ల పోయే 5 కూడండి: 41¼. అంటే 3½ అడుగుల ఫ్రేమ్. కింది అంతస్తులో ఒక్క గదికైనా ఇది పెట్టించమని గట్టిగా చెబుతాను. గోడ కట్టేటప్పుడు ఆ 6 అంగుళాలకు అయ్యే ఖర్చు చాలా తక్కువ, తర్వాత గోడ పగలగొట్టి పెంచడం చాలా ఖరీదు. అంత చోటు లేకపోతే 3 అడుగుల 2 అంగుళాల ఫ్రేమ్‌తో 32 అంగుళాలు దొరుకుతుంది, ఇంట్లో వాడుకకు అది నడుస్తుంది.

బాత్రూమ్: ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే

ఒక ఇంటి లెక్క పూర్తిగా చూద్దాం. కింది అంతస్తులో అమ్మ గదికి ఆనుకుని 5×8 బాత్రూమ్, ప్లాన్‌లో 2½×7 తలుపు. ఆమె వాడే వీల్‌చైర్ వెడల్పు 26 అంగుళాలు. పట్టిక ప్రకారం మిగిలేది 24¼, కుర్చీ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. 2 అడుగుల 9 అంగుళాలకు పెంచితే 27¼ వస్తుంది, కుర్చీ పడుతుంది గానీ ఒక్కో పక్క ముప్పావు అంగుళం కూడా ఉండదు, చేతి వేళ్లు ఫ్రేమ్‌కు రాసుకుపోతాయి. 3 అడుగులయితే 30¼, రెండు పక్కలా రెండేసి అంగుళాలు. ఈ ఇంటికి సరైనది 3 అడుగుల గుమ్మమే.

అయితే 32 అంగుళాల రెక్క లోపలికి తెరుచుకుంటే 5 అడుగుల గదిలో సగానికి పైగా అదే ఊడుస్తుంది, కుర్చీ తిప్పి తలుపు మూయడానికి చోటుండదు. అందుకని తలుపు పడకగదిలోకి తెరుచుకోవాలి. దీనికి ఇంకో బలమైన కారణం ఉంది: లోపల పెద్దవాళ్లు జారిపడి తలుపుకు అడ్డంగా పడితే, లోపలికి తెరుచుకునే తలుపును బయటినుంచి నెట్టలేం.

వీల్‌చైర్ అవసరం లేని ఇంటికి 2½ అడుగులు నడుస్తుంది. వాషింగ్ మెషీన్ బాత్రూమ్‌లో పెట్టాలనుకునేవాళ్లు మాత్రం ఆగి చూసుకోవాలి. ఫ్రంట్ లోడ్ మెషీన్లలో ఎక్కువవాటి వెడల్పు 60 సెంటీమీటర్లు, అంటే 23⅝ అంగుళాలు. 24¼ దారిలో అది పట్టేది పట్టనట్టే. లోతు తక్కువ ఉన్న మోడల్‌ను పక్కకు తిప్పి దూర్చాలి, లేదా తలుపు రెక్క విప్పాలి.

బాత్రూమ్‌లో దారి పెంచడానికి గోడ ఖాళీ పెంచకుండానే ఇంకో మార్గముంది, ఫ్రేమ్ మార్చడం.

ఫ్రేమ్ ఏదైతే ఎంత దారి పోతుంది

చెక్క, చెక్కపొడి ప్లాస్టిక్ కలిపి చేసే డబ్ల్యూపీసీ, ఇనుప రేకు ఫ్రేమ్‌ల మధ్య వెడల్పు విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. డబ్ల్యూపీసీ కూడా ఎక్కువగా 2½ అంగుళాల మందంలోనే వస్తుంది, వంచిన రేకు ఫ్రేమ్ 60 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. వీటిలో ఏది తీసుకోవాలన్నది చెద, తడి, బందుల పట్టు బట్టి తేల్చుకోవాలి. తడి తగిలే చోట డబ్ల్యూపీసీ నిలుస్తుంది. బరువు తలుపుకు మాత్రం టేకులో మరలు పట్టినంతగా దాంట్లో పట్టవు.

గ్రానైట్ ఫ్రేమ్ లెక్క వేరు. గోడ ఖాళీ పక్కలకు ముప్పావు అంగుళం పలక, గాడి కోసం దాని మీద ఇంకో ముప్పావు అంగుళం పట్టీ, వెనక సిమెంటు అర అంగుళం, మొత్తం ఒక్కో పక్క 2 అంగుళాలు. 30 అంగుళాల ఖాళీలో మధ్య 26 మిగులుతుంది. గాడి ముప్పావు అంగుళం కావడంతో 1¼ అంగుళాల రెక్క దారిలోకి వచ్చేది అర అంగుళమే, క్లియర్ 25½. అదే ఖాళీలో చెక్క ఫ్రేమ్ ఇచ్చింది 24¼. తడికి ఉబ్బదు, చెద పట్టదు. దీని బలహీనత బందుల దగ్గర ఉంటుంది. రాయికి రంధ్రం అంచుకు దగ్గరగా వేస్తే పెచ్చు లేస్తుంది, ప్లగ్గులు బరువు తలుపును ఎక్కువకాలం మోయలేవు. తేలికైన డబ్ల్యూపీసీ, పీవీసీ రెక్కలకే గ్రానైట్ వాడుకోవాలి.

గోడ మీద పక్కకు జరిగే తలుపు చాలా చిన్న ఇళ్లకు మంచి ఎంపిక. 36 అంగుళాల ఖాళీకి ముప్పావు అంగుళం పలకతో అంచు కట్టి, రెక్కను గోడ బయటి ముఖం మీద పైనుంచి వేలాడదీస్తే, హ్యాండిల్ కోసం రెక్క 2 అంగుళాలు బయటే ఆగినా 32 అంగుళాలు దొరుకుతుంది. ప్రతిఫలంగా అంచుల్లో సందు ఉంటుంది, శబ్దం, వాసన ఆగవు. పక్క గోడమీద రెక్క జరిగేంత మేర స్విచ్ బోర్డు, బీరువా ఉండకూడదు. బాల్కనీకి పెట్టే రెండు పలకల జరిగే తలుపుల్లో మాత్రం ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. 6 అడుగుల ఖాళీలో ఫ్రేమ్, పలకల అంచులు పోగా నడిచే దారి 32 అంగుళాల దగ్గర ఆగుతుంది. దాన్ని 5 అడుగులకు తగ్గిస్తే 26కు పడిపోతుంది.

ఎత్తు విషయంలో రెండు జాగ్రత్తలు

గదుల గుమ్మాలకు 7 అడుగుల ఫ్రేమ్‌లో 2½ అంగుళాల పై చెక్క పోతే 81½ అంగుళాల ఎత్తు మిగలాలి. ఇది నిలబడేది నేల పని పూర్తయిన మట్టాన్నుంచి కొలిచినప్పుడే. శ్లాబు మీద నేరుగా ఫ్రేమ్ నిలబెట్టి, తర్వాత ఇసుక, సిమెంటు, టైల్ కలిపి 2½ అంగుళాలు వేస్తే 79 మిగులుతుంది, అప్పటికే తెచ్చిన రెక్కలను కోయాల్సి వస్తుంది. ఫ్రేమ్‌లు నిలబెట్టే రోజున గోడలన్నిటి మీదా, పూర్తయిన నేల మట్టానికి సరిగ్గా 3 అడుగుల పైన గీత కొట్టించి, ప్రతి ఫ్రేమ్‌నూ ఆ గీతనుంచే కొలవాలి.

రెండోది, దుకాణంలో దొరికే ఫ్లష్ డోర్ ఎత్తులు 78, 81, 84 వంటివి. 84 తెచ్చి రెండున్నర అంగుళాలు కోస్తే అంచున ఉన్న గట్టి చెక్క పట్టీ పోయి లోపలి ముక్కలు బయటపడతాయి, అక్కడినుంచి తేమ ఎక్కి పొరలు విడిపోతాయి. కాబట్టి రెక్కను ముందు ఎంచుకోండి. 81 అంగుళాల రెక్కకు పైన ⅛, కింద ⅜ సందు వదిలి, గాడి అర అంగుళం తీసి, పై చెక్క 2½ కలిపితే ఫ్రేమ్ 83½ అంగుళాలు. అర అంగుళం తేడాతో రెక్క కోయాల్సిన పనే ఉండదు.

కొలత సరిగ్గా ఉన్నా దారి తగ్గే సందర్భాలు

గడప లేని ఫ్రేమ్‌కు అడుగున కట్టు ఉండదు. ఇటుక పని చేసేటప్పుడు రెండు నిలువు చెక్కల మధ్యకు వడ్రంగి అడ్డపట్టీలు కొడతాడు, కింద ఒకటి, నడుమన ఒకటి. మేస్త్రీ అడ్డమొస్తున్నాయని ముందే వాటిని పీకేస్తే, ఇటుక ఒత్తిడికి చెక్కలు నడుమన అర అంగుళం దాకా లోపలికి వంగుతాయి. పైన 31, నడుమ 30½, కింద 31 అని టేపు చూపిస్తే జరిగింది అదే. ఆ తలుపు ఎంత చిత్రిక పట్టినా నడుమన బిగిస్తూనే ఉంటుంది. ప్లాస్టరింగ్ కాకముందే మూడు చోట్లా అడ్డంగా, మూలనుంచి మూలకు రెండుసార్లు కొలిచి చూడాలి. మూలల కొలతలు ⅛ అంగుళం కంటే ఎక్కువ తేడా ఉంటే ఫ్రేమ్ ఒరిగింది, ఆ రోజే సరిచేయించాలి.

ఇంకోటి ఫ్రేమ్‌ను గోడ లోతులో ఎక్కడ నిలబెట్టారన్నది. 4½ అంగుళాల గోడకు రెండు వైపులా ప్లాస్టరు కలిస్తే 5½ అవుతుంది, ఫ్రేమ్ లోతు 4. తలుపు తెరుచుకునే వైపు ఫ్రేమ్ ముఖం ప్లాస్టరు ముఖంతో సమంగా ఉండాలి. ఒకటిన్నర అంగుళం లోపలికి కూర్చుంటే రెక్క గోడ అంచుకు తగిలి 90 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఇక ఎప్పటికీ పూర్తిగా తెరుచుకోదు. బాత్రూమ్ తలుపు లోపలికి తెరిచేదైతే గోడ టైల్ మందం, దాని వెనక సిమెంటు కూడా కలుపుకుని ఫ్రేమ్‌ను అంత ముందుకు జరపాలి. అలాగే గది మూలకు, ఫ్రేమ్‌కు మధ్య కనీసం 4 అంగుళాల గోడ వదలాలి. లేదంటే హ్యాండిల్ గోడకు తగిలి, పట్టికలో కనబడే అంకె కూడా చేతికి రాదు.